ఎడమ చెంప మీద నిద్ర

హిందూపురంలో మా స్టూడియోకి ఫొటో కోసం వచ్చేవాళ్ల కంటే ముఖం మార్పించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆధార్‌కైనా, పెళ్లి సంబంధానికైనా, బ్యాంకు లోనుకైనా అందరిదీ ఒకటే మాట. "రవ్వంత కలర్ వెయ్యక్కా. కండ్ల కింద ఆ నలుపు తీసెయ్యి." యాభై ఏళ్ల మనిషి నుదురు గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా, నున్నగా చేసిచ్చేదాకా కుర్చీలోంచి లేవడు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా చేసిస్తాను. చేయకపోతే ఎదురు వీధిలో ఇంకో స్టూడియో ఉంది, వాళ్లు నాకంటే తెల్లగా చేస్తారు.

ఈ పని నాకు నేర్పింది నాయన. ఆయన రోజుల్లో కంప్యూటర్ లేదు. నెగటివ్‌ను వెలుగు పెట్టె మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముడతలున్న చోట పూడ్చేవాడు. అక్కడ పెన్సిల్ నలుపు పడితే ప్రింటులో గీత మాయమయ్యేది. "గీత తీసేముందు అది యాడ్నించి వచ్చిందో చూడు. అన్నీ తీసేస్తే మనిషి పోయి బొమ్మ మిగుల్తాది" అనేవాడు. ఆయన పోయాక స్టూడియో నా చేతికి వచ్చింది. పెన్సిల్ పోయి మౌస్ వచ్చింది.

గీత ఎక్కడి నుంచి వస్తుందో నాకు సరిగ్గా తెలిసింది మాత్రం మా మేడ మీద చర్మవ్యాధుల డాక్టరుగారు క్లినిక్ పెట్టాక. మందు వాడకముందు ఒకటి, వాడాక ఒకటి ఫొటోలు తీయడానికి నన్ను పిలుస్తారు. తీరిక ఉంటే చెప్తారు, నేను వింటాను. నవ్వితే, చిట్లిస్తే పడే గీతలు వేరు, అవి కండరం మడతపడ్డ చోట పడతాయి. నిద్రలో పడే గీతలు వేరు. ఒకే పక్కకు తిరిగి ఏళ్ల తరబడి పడుకునేవాడికి ఆ చెంప దిండుకు నొక్కుకుని, కండరంతో సంబంధం లేని చోట మడత పడుతుంది. కనుబొమ్మ చివర నుంచి పైకి నిలువుగా ఒకటి, చెంప మీద ఏటవాలుగా ఒకటి. వయసులో ఉన్నప్పుడు అది లేచిన కాసేపటికే పోతుంది. తర్వాత తర్వాత మధ్యాహ్నం దాకా ఉంటుంది. చర్మంలో బిగువు తగ్గాక ఇక పోదు. ఎండ చేసేది ఇంకో రకం. పైపైన నల్లబరచడంతో ఆగదు, లోపలి బిగువునే తెంపేస్తుంది, చర్మం మందమై తోలులా తయారవుతుంది, మచ్చలు తేలతాయి. కిటికీ అద్దం వేసుకున్నా కాలకుండా ఆపుతుందేమో గానీ ముడతలు తెచ్చే ఎండను పూర్తిగా ఆపదట. బీడీ, సిగరెట్టు తాగేవాడికి చర్మానికి రక్తం సరిగా అందక ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. పీల్చి పీల్చి పైపెదవి మీద నిలువు గీతలు, పొగకు కళ్లు చికిలించి కంటి చివర గీతలు.

ఇవన్నీ తెలిశాక నాకు బస్సు ప్రయాణం పాడైంది. పెనుకొండకు పోతుంటే పక్క సీటాయన ముఖం చూసి ఈయన ఏ పక్కకు పడుకుంటాడో లెక్కవేస్తూ కూర్చుంటాను. ధర్మవరం మగ్గం వాళ్లను దూరం నుంచే గుర్తుపడతాను. ఎండ పొడ తగలని రంగు, దారం చూసి చూసి కనుబొమ్మల మధ్య రెండు గీతలు. వేరుశనగ చేలల్లో పనిచేసేవాళ్లకు మెడ వెనుక చర్మం గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. డ్రైవర్లయితే చెప్పనే అక్కర్లేదు. మన దగ్గర స్టీరింగు కుడివైపు కాబట్టి కుడి చెంప ఎడమ చెంపకు అన్నలా ఉంటుంది.

పోయిన ఏడాది వేసవిలో పెనుకొండ కానిస్టేబుల్ ఒకాయన స్టూడియోకి వచ్చాడు. అడపాదడపా పోలీసు ఫొటోలు నాతోనే తీయిస్తారు.

"అక్కా, పెద్దాసుపత్రిలో ఒక మనిషుండాడు. ఎవరో ఏమో తెలీదు. పెనుకొండ కాడ హైవే పక్కన టీ అంగడి ముందర పడిపోయింటే ఈడికి తెచ్చినాము. ఫొటో తీసియ్యల్ల, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేకి" అన్నాడు.

నడుస్తూ మిగతాది చెప్పాడు. ఏదో లారీ వాళ్లు దించి వెళ్లిపోయారని టీ అంగడాయన చెప్పాడట. జేబులో ఫోను లేదు, కాగితం ముక్క లేదు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. వేలిముద్రలు పెట్టి చూస్తే అరిగిపోయి మిషన్ పట్టుకోలేదు.

"ఒక్క మాట మాత్రం అంటాండాడంట నర్సమ్మతో. ధర్మారం, ధర్మారం అని. ఏమడిగినా అదే. ధర్మవరమే అయింటాది."

వార్డులో చివరి మంచం మీద ఉన్నాడు. తల గొరిగి ఉంది. ఎముకల మీద చర్మం. నేను ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు తీసి, ఆ తర్వాత ముఖం చూస్తూ ఉండిపోయాను. కుడి చెంప నల్లగా, మందంగా, మచ్చలు పడి ఉంది. కుడి కంటి చివర గీతలు లోతుగా చెవి దాకా పాకాయి. పక్షవాతానికి కుడివైపు నోరు జారడంతో ముక్కు పక్క ముడత ఒక్కటీ సాగి చదునైంది. ఎడమ చెంప కాస్త తెలుపు. కానీ ఎడమ కనుబొమ్మ చివర నుంచి నుదుటి మీదికి ఒక నిలువు గీత, చెంప మీద ఒక ఏటవాలు గీత ఉన్నాయి. పైపెదవి నిండా నిలువు గీతలు. పెదవులు నల్లగా కమిలిపోయాయి.

"డ్రైవరు. బీడీలు బాగా తాగేవాడు. ఎడం పక్కకే పడుకుంటాడు" అన్నాను.

కానిస్టేబుల్ నవ్వాడు. "పేరు గూడా చెప్పక్కా, పుణ్యముంటాది."

నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి మమ్మల్ని చూస్తున్నాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందనీ, ఎక్కువ రోజులు లాగడేమోననీ నర్సమ్మ పక్కకు పిలిచి చెప్పింది. మరి మాటలు అర్థమవుతాయా అని అడిగాను. "నోరు తెరువు అంటే తెరుస్తాడు, చెయ్యి ఎత్తు అంటే ఎడం చెయ్యి ఎత్తుతాడు. తలకాయలో ఉండాదంతా, బయటికి రాదు" అంది.

పోయాక ఎవరూ రాకపోతే ఏమవుతుందని కానిస్టేబుల్‌ను అడిగాను. కొన్నాళ్లు మార్చురీలో పెట్టి, ఆ తర్వాత మునిసిపాలిటీ వాళ్లే కానిచ్చేస్తారన్నాడు.

ఫొటోలు ధర్మవరం గ్రూపుల్లో తిరిగాయి. నాలుగైదు రోజులకు ఒక తల్లీకూతురూ వచ్చారు. తల్లి పట్టుచీరల మగ్గం నేసే మనిషి. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండగా తండ్రి ఇల్లు వదిలిపోయాడు. ఎందుకని అడిగితే తల్లి చెప్పలేదు. కూతురు మాత్రం "మగ్గం ఇడిసిపెడ్తానని నాయన, ఇడవద్దని అమ్మ. దినామూ అదే కొట్లాట" అంది. ఫొటోలో ముఖం చూసి వాళ్లు రాలేదు, ముఖంలో పోలికేమీ కనబడలేదు. ధర్మారం అన్న మాట కోసం వచ్చారు.

ప్రింట్లు ఇవ్వడానికి నేనూ అప్పుడు వార్డులో ఉన్నాను. తల్లి మంచం పక్కన నిలబడింది. ముందు కాళ్లు చూసింది, తర్వాత చేతులు, చివరికి ముఖం. చాలాసేపు చూసింది.

"ఈయన కాదు సార్" అంది కానిస్టేబుల్‌తో. "మా ఆయన తెల్లగుంటాడు. మొగం నున్నగుంటాది. ఈయప్ప యాడనో ఎండలో తిరిగినోడు. మా ఆయనకు ఎండంటే ఏందో తెలీదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పెరిగినోడు."

"ఒంటి మీద గుర్తులేమన్నా ఉండాయామ్మా? మచ్చ, గాయం అట్లాంటివి?"

"ఏమీ లేవు. నున్నగుంటాడు."

అతను ఎడమ చెయ్యి దుప్పటి మీంచి కాస్త ఎత్తి ఆమె వైపు చాపి, మళ్లీ వదిలేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కూతురు ఒక అడుగు ముందుకు వేసింది. "ఎవరొచ్చినా అట్లే ఎత్తుతాడమ్మా. నీళ్లు కావల్లేమో" అంటూ నర్సమ్మ గ్లాసు తెచ్చింది. ఈ జబ్బులో ఊరికే కన్నీళ్లు వస్తాయని కూడా చెప్పింది. కూతురు ఆగిపోయింది.

బయటికి వచ్చాక ఆ పిల్ల నన్ను పట్టుకుంది. "ఆంటీ, మా కాడ నాయన ఫొటో ఒకటుండాది. ఇప్పుడెట్లుంటాడో చేసిస్తావా? ఫోన్‌లో యాప్ పెట్టి చేస్తే ఎవరో తాత వచ్చినాడు." ఈయన కాకపోతే అసలు నాయన కోసం ఆ బొమ్మ నలుగురికీ పంపించాలని ఆమె ఆలోచన. ఫోను తీసి చూపించింది. తెల్ల వెంట్రుకలు, రెండు చెంపలకూ సమానంగా తూకం వేసి పంచినట్టు ముడతలు. ఆ యాప్‌కు ఎండ ఏ పక్క నుంచి వస్తుందో, మనిషి ఏ పక్కకు పడుకుంటాడో ఏం తెలుసు? లోకంలో అందరినీ ఒకే ముసలాయనగా మారుస్తుంది.

స్టూడియోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. తల్లి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి ఇంటి గోడ మీంచి దించి తెచ్చిన ఫొటో తీసింది. పెళ్లైన కొత్తలో ధర్మవరంలో ఏదో స్టూడియోలో తీయించుకున్నారు. ఆమె కూర్చుని ఉంది, అతను కుడి చెవి కనబడేలా కాస్త ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు. ఇద్దరి ముఖాలూ తెల్లగా, ఒక్క మచ్చ, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. నాలాంటి వాళ్లెవరో చేసిన పనే. ఆ రోజుల్లో కొత్త జంట ఫొటో అంటే అలాగే చేసివ్వాలి, లేకపోతే పెళ్లివారు డబ్బులివ్వరు.

"ఇంత తెల్లగా ఉండేవాడామ్మా నిజంగా?" అని అడిగాను.

"ఇట్లే ఉంటాండె. అచ్చు ఇదే."

ఆమె అబద్ధం చెప్పడం లేదు గానీ, చెప్తున్నది మనిషిని గురించి కాదు. ఇన్నేళ్లూ గోడ మీద రోజూ చూసిన ఫొటో అసలు ముఖాన్ని తినేసింది. అది నాకు అప్పుడే అర్థమైంది.

ఆసుపత్రి ఫొటోల ప్రింట్లు బల్ల మీదే ఉన్నాయి. వాటిని సొరుగులో పడేసి మూశాను. ఆ ముఖం నా కళ్లలోనే ఉంది, దాన్ని చూసి గీస్తానేమోనని నాకే భయం. వాళ్లు చెప్పిందే గీయాలి, నేను చూసింది గీయకూడదు అనుకుని పెళ్లి ఫొటోను స్క్రీన్ మీదికి ఎక్కించాను.

"బీడీలు తాగేవాడా?"

"తాగుతాండె. పట్టు కాడ నిప్పు తేకూడదు గదా. మాటిమాటికీ లేసి వాకిట్లోకి పోతాండె. పని సాగకపోతే నేను అరస్తాంటి."

పైపెదవి మీద సన్నని నిలువు గీతలు వేశాను. పెదవుల రంగు తగ్గించి, ముఖమంతా కాస్త బూడిద రంగు కలిపాను. కళ్ల చివర గీతలు లాగాను. తల్లి ముఖం చిట్లించింది.

"ఏ పక్కకు పడుకునేవాడు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. ఫొటోలవాళ్లు అడిగే ప్రశ్న కాదు మరి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. ఆమె తలదించుకుని, కూతురి ఎదుట చెప్పడానికి సిగ్గుపడుతూ చెప్పింది.

"ఎడం పక్కకే. చిన్నప్పుడు చీము పట్టి కుడి చెవి పోయింది. ఎడం చెవి ఒక్కటే ఇనపడేది. పక్కింట్లో పవర్‌లూమ్‌లు రేయంతా కొట్టుకుంటాంటాయి గదక్కా. మంచి చెవి దిండుకు ఆనిచ్చి పండుకుంటే ఏమీ ఇనపడదు. పాప ఏడ్సినా లేసేటోడు కాదు. నేనే లేస్తాంటి." ఆమె ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించి పోయింది. "తెల్లార్తో లేసినప్పుడు చెంప మీద సాప గీతలుంటాండె."

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అప్పుడే లేచి సొరుగు తెరవాల్సింది కాదా అని ఇప్పుడు అనిపిస్తుంది. తెరవలేదు. ఎడమ కనుబొమ్మ చివర నుంచి నిలువు గీత ఒకటి పైకి తీశాను. ఎడమ చెంప మీద ఏటవాలుగా ఇంకొకటి.

"ఇల్లు వదిలాక ఏం పనిచేసి ఉంటాడు?"

కూతురు చెప్పింది. "లారీ నేర్చుకుంటానంటాండె ఆంటీ. అమ్మకు తెలీకుండా నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని లారీల స్టాండుకు పోతాండె. అదొక్కటే నాకు గ్యాపకం."

కుడి చెంప నల్లబరిచాను. చర్మం మందం చేశాను. మచ్చలు వేశాను. కుడి కంటి చివర గీతలు ఇంకా లోతుకు దించాను. ఎడమవైపు అలాగే వదిలేశాను. చివరికి వెంట్రుకలు తీసి, బుగ్గలు లోపలికి నొక్కాను, ఇన్నేళ్లలో మనిషి చిక్కి ఉండడా అనుకుని. అంతే, ఇక నాకు చేయడానికి ఏమీ మిగల్లేదు. స్క్రీన్ మీద ఆ వార్డులోని చివరి మంచం మనిషి మమ్మల్ని చూస్తున్నాడు.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆపక్కా" అంది తల్లి. నేను అప్పటికే ఆపేశాను. "ఇది నువ్వు ఆయప్పను చూసి గీసినావు. పొద్దున చూసింది ఈడ దించినావు."

నాకు కోపం వచ్చింది. నా మీద నాకున్న అనుమానాన్నే ఆమె పైకి అన్నందుకు ఎక్కువ కోపం వచ్చింది. "ఏ పక్కకు పడుకుంటాడో నేను చెప్పినానామ్మా? బీడీలు నేను తాగించినానా?" అని గట్టిగానే అన్నాను. అని, సొరుగు లాగి ఆసుపత్రి ఫొటోల్లో కుడి పక్క నుంచి తీసినది బయటపెట్టాను. పెళ్లి ఫొటోలో కుడి చెవిని పెద్దది చేసి దాని పక్కన పెట్టాను.

మేము ముఖంలో అన్నీ దిద్దుతాం గానీ చెవి జోలికి పోము. చెవి తెల్లగా చెయ్యమని ఎవరూ అడగరు. ఎండకు చెవి నల్లబడుతుంది, వయసుకు తమ్మె కాస్త సాగుతుంది. లోపలి మడతల తీరు మాత్రం మారదు. ఆ పై అంచు ఒకచోట చిన్నగా లోపలికి తిరిగి ఉంది, రెండింట్లోనూ. తమ్మె విడిగా వేలాడకుండా చెంపకు అతుక్కుని ఉంది, రెండింట్లోనూ. తల్లి చూసింది. కూతురు తల్లిని చూసింది.

"అమ్మా, నాయనే" అంది మెల్లగా.

తల్లి పెళ్లి ఫొటోను బల్ల మీంచి తీసుకుని కవరులో పెట్టింది. కవరు సంచిలో పెట్టింది.

"ఇన్నేండ్లూ ఆయన యాడనో బాగుండాడనుకుంటి. ఇంకో సంసారం పెట్టుకున్నాడేమో, తెల్లగా బట్టలేసుకొని తిరగతాండాడేమో అని తిట్టుకుంటాంటి. అట్ల తిట్టుకుంటానే పాపను సదివించినా. ఈ మొగం చూస్తే బాగున్న మొగమా అక్కా ఇది? ఎండలో కాలి, తిండి లేక, లారీలో ముడుచుకొని పండుకొని... ఇది ఆయన మొగమైతే నేనేం చేసేది?"

డాక్టర్లు ఎక్కువ రోజులు లేవంటున్నారని చెప్పాను. ఒక్కసారి మళ్లీ చూసిపోదాం అని కూతురు బతిమాలింది. "కాదు. ఇంటికి పోదాం. బండికి టయమైతాంది" అని తల్లి లేచింది. ఆ పిల్ల తల్లితో వెళ్లక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ నా నంబరు తీసుకుంది. సాయంత్రం రైలుకు ధర్మవరం వెళ్లిపోయారు.

నేనైనా కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి చెప్పాను. "చెవి సూసి ఎట్లిచ్చేది అక్కా? వాళ్లొచ్చి మావోడే అని సంతకం పెడితేనే" అన్నాడు. అదీ నిజమే. కాదన్న మనుషులకు మనిషిని బలవంతంగా అంటగట్టడానికి ఏ చట్టం ఉంది?

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల ఫోన్ చేసింది. అమ్మ రాత్రంతా పడుకోలేదట. ఫొటోను మళ్లీ గోడకు తగిలించి, దాని ముందు కూర్చుని, తెల్లారుతూనే లేచి, పోదాం పదమందట. మొదటి బస్సు ఎక్కాం, పెనుకొండ దాటుతున్నాం అంది. నేను ఆ మాట కానిస్టేబుల్‌కు చెప్పబోతే, నాకంటే ముందు ఆయనే చెప్పాడు. తెల్లవారుజామున పోయాడు. మార్చురీకి మార్చేముందు ఒక ఫొటో కావాలి, రా అక్కా.

ఇలాంటి ఫొటోలు చాలా తీశాను. శవాన్ని చూసి వెనక్కి తగ్గే మనిషిని కాను. కానీ దుప్పటి తీయగానే ఒక్క క్షణం వేరే మనిషి దగ్గరికి తెచ్చారనుకున్నాను. ప్రాణం పోతే కండరాలన్నీ వదిలేస్తాయి. చికిలింపు లేదు, మూతి బిగింపు లేదు. కంటి చివర గీతలు, పైపెదవి మీది గీతలు సగానికి సగం పోయాయి. వెల్లకిలా పడుకోబెట్టారు కాబట్టి చెంపలు వెనక్కి జారి, ఎడమ చెంప మీది ఏటవాలు గీత కూడా సాగి పలచబడింది. రక్తమంతా వీపు వైపు దిగిపోయి ముఖం పాలిపోయింది. కుడి చెంప నలుపు పోలేదు గానీ దానికీ ఒక తెల్లని పొర కమ్మినట్టుంది. నేను పెళ్లిళ్లకు చేసే పనంతా చావు ఒక్క పూటలో చేసి పెట్టింది. ఆ పని మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

వాళ్లు వచ్చేసరికి నేను వరండాలో ఉన్నాను. వాళ్లు దారిలో ఉండగా ఫోన్‌లో కూతురికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానిస్టేబులే చెప్పాడు. పిల్ల అక్కడే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. తల్లి ఏడవలేదు. లోపలికి నడిచింది, ఆమె వెనక నేను వెళ్లాను.

దుప్పటి తీశారు. ఆమె ఈసారి కాళ్లు చూడలేదు, చేతులు చూడలేదు. ఒక్కసారి ముఖం చూసింది.

"ఈయనే" అంది. "మా ఆయన ఇట్లే ఉంటాడు. నిన్న గూడా ఇట్లే ఉన్నింటే నేను కాదంటానా?"

ఆమె కొంగు చివర తడిచేసి అతని కుడి చెంప తుడిచింది. నలుపు పోతుందేమో అన్నట్టు రెండోసారి, మూడోసారి తుడిచింది. పోదని తెలిశాక చెయ్యి అక్కడే ఉంచింది.

కానిస్టేబుల్ కాగితాల మీద సంతకాలు పెట్టించాడు. ధర్మవరానికి తీసుకుపోవడానికి అంబులెన్సు మాట్లాడాడు. మధ్యాహ్నం ఎండలో దాని కోసం ఎదురుచూస్తూ ఆమె వరండా మెట్ల మీద నా పక్కన కూర్చుంది. అప్పుడు ఆమె ముఖం దగ్గరగా చూశాను. కనుబొమ్మల మధ్య మగ్గం గీతలు రెండు, ఇన్నేళ్లు దారం వైపు వంగిన మెడలో అడ్డంగా మూడు. కళ్ల కింద నలుపు. పెళ్లి ఫొటోలో కుర్చీలో కూర్చున్న అమ్మాయి జాడ ఎక్కడా లేదు.

"అక్కా" అంది. "నేను ఆయన్ను గుర్తు పట్టలేకపోయినా. నా మొగం గూడా అట్లే మారిపోయింది గదా. ఆయన నన్ను గుర్తు పట్టినాడంటావా?"

దుప్పటి మీంచి లేచి, ఆమె వైపు చాచుకుని, మళ్లీ వాలిపోయిన ఆ చెయ్యి నా కళ్ల ముందు కనబడింది. నీళ్లకోసం అని నర్సమ్మ అంది. నర్సమ్మ తెచ్చిన నీళ్లు అతను తాగలేదు. అది నేను చూశాను.

"గుర్తు పట్టినాడమ్మా" అన్నాను. ఓదార్పు అవుతుందనే అన్నాను.

ఆమె ఎండలోకి చూసింది.

"అయితే నేను కాదనింది గూడా ఇన్నాడు" అంది.

అంబులెన్సు వచ్చింది. మేమిద్దరం లేచాం.